ఉచిత స్కోరు సరే, రిపోర్టు చదివారా?

విజయవాడలో ఉద్యోగంలో చేరిన మా బంధువుల కుర్రాడు బైక్ లోన్ కోసం బ్యాంకుకు వెళ్లాడు. ముందురోజే ఫోన్ యాప్‌లో చూసుకున్నాడు, క్రెడిట్ స్కోరు 751. ఈ బైక్ లోనే తన మొదటి అప్పు అనుకుంటూ ధీమాగా వెళ్లినవాడికి, పాత బాకీ ఉందన్నారు బ్యాంకులో.

ఇద్దరం కూర్చుని పూర్తి రిపోర్టు తీశాం. అందులో అతనెప్పుడూ వినని ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు, పక్కన 310 రూపాయల బాకీ కనిపించాయి. గతంలో ఒక షాపింగ్ యాప్‌లో 'తర్వాత చెల్లించండి' అని నొక్కి హెడ్‌ఫోన్స్ కొన్నాడు. అప్పు ఇచ్చింది యాప్ కాదు, వెనకున్న ఆ కంపెనీ. రిపోర్టులో ఎక్కేది దాని పేరే.

మరి స్కోరు యాప్ చెప్పిన 751 అబద్ధమా? కాదు. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలు ఈ లెక్కలు రాస్తాయి. ఒక్కోదాని స్కోరు ఒక్కోలా ఉంటుంది. ఆ యాప్ వీటిలో ఒకదాని నుంచి గత నెలలో తెచ్చిన అంకె చూపింది. బ్యాంకు మరోదాన్ని ఆ రోజే చూసింది. అంకె కింద చిన్న అక్షరాల్లో ఏ సంస్థది, ఏ తేదీది అని ఉంటుంది. ముందు చదవాల్సింది దాన్నే.

నిజంగా ఏ అప్పూ లేనివారికి సిబిల్‌లో -1 కనిపించవచ్చు. అది చెడ్డ మార్కు కాదు, చరిత్ర లేదని అర్థం. ఆ ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవారి దరఖాస్తును తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు సూచించింది.

మన స్కోరు మనం ఎన్నిసార్లు చూసుకున్నా తగ్గదు. ప్రమాదం పక్కనే ఉండే 'మీకు లోన్ సిద్ధం' బటన్‌తో. చాలా యాప్‌లకు ఆదాయం అప్పులు అమ్మిపెట్టడంలోనే ఉంది. దాన్ని నొక్కి దరఖాస్తు నింపితే అప్పిచ్చే సంస్థ మీ రిపోర్టు తీస్తుంది, ఆ విచారణ నమోదవుతుంది. వారంలో నాలుగైదు చోట్ల అలా చేస్తే అప్పు కోసం తిరుగుతున్నారని బ్యాంకు అనుకుంటుంది. ఉచితం పేరుతో కొత్తవారిని ఇటు నెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అందుకే యాప్‌ను తొలిచూపుకే వాడండి. నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచి ఉంది. వాటి వెబ్‌సైట్‌లో డబ్బు కట్టే ప్లాన్లు ముందు కనిపించినా, ఉచిత రిపోర్టు వెతికి తీసుకోండి. తప్పుంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.

మా కుర్రాడిది తప్పు నమోదు కాదు, నిజమైన బాకీ. కట్టేసి, రసీదు తీసుకుని, రిపోర్టులో ఖాతా మూసినట్టు కనిపించేదాకా ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టమన్నాను. మీరైతే బ్యాంకు మెట్లెక్కడానికి రెండు నెలల ముందే ఆ రిపోర్టు తీసి, ప్రతి ఖాతా పేరూ చదవండి.