కషాయం: ఎంత, ఎన్నిసార్లు?

మిరియాలు, లవంగం, అల్లం కలిపి కాచే కషాయానికి కోవిడ్ కాలంలో గిరాకీ పెరిగింది. 2020లో కేంద్ర ఆయుష్ శాఖ సూచించిన క్వాథంలో నాలుగు పాళ్లు తులసి, రెండేసి పాళ్లు దాల్చినచెక్క, శొంఠి, ఒక్క పాలే మిరియం. మూడు గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీరు, రోజుకు ఒకటి రెండుసార్లు. ఇళ్లలో జరిగింది వేరు. మిరియాలు గుప్పెడు పడ్డాయి, గ్లాసులు నాలుగైదయ్యాయి.

పరగడుపున ఘాటు కషాయం తాగితే గుండెల్లో మంట, పుల్లని తేన్పులు రావచ్చు. అవి కనిపిస్తే ఆపాలి. అల్సర్ ఉన్నవారు, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు వైద్యుణ్ని అడగాలి.

వంటింటి మోతాదులో మిరియాలు, లవంగం, అల్లం కాలేయాన్ని దెబ్బతీయవు. అసలు అనుమానం అదనంగా కలిపే తిప్పతీగ మీద. 2020 చివర్లో ముంబైలో దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయ వాపును వైద్యులు నమోదు చేశారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. వివాదం ఎలా ఉన్నా మూత్రం ముదురు పసుపైనా, కళ్లు పచ్చబడినా కషాయం మాని కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

జలుబు చేసినప్పుడు భోజనం తర్వాత అరగ్లాసు, మూడు నాలుగు రోజులు చాలు. ఏడాది పొడుగునా తాగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.