44 మంది చాలనుకున్న కోర్సు

హైటెక్ సిటీలో ఇవాళ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతమంది అమీర్‌పేట మైత్రీవనం మెట్లు ఎక్కి దిగారో లెక్క తీయడం కష్టం. నేనూ ఎక్కాను. పొద్దున ఆరున్నర బ్యాచ్, ఆదిత్య ట్రేడ్ సెంటర్ దగ్గర టీ, మధ్యాహ్నం ల్యాబ్. అక్కడ నాకు జావా నేర్పిన ఇన్‌స్టిట్యూట్ నడిపే సార్ మొన్న ఓ ఎక్సెల్ షీట్ పంపారు.

"తమ్ముడూ, మన జావా, స్ప్రింగ్ బూట్ కోర్సు రికార్డ్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నా. షీట్ ఓసారి చూడు" అన్నారు. రెండు ఫ్లోర్లలో ఒకటి ఖాళీ చేసి, ఆ అడ్వాన్సు డబ్బులు ఇందులో పెట్టాలని ఆయన ప్లాన్. ఫ్లోర్ ఒకసారి వదిలితే మళ్లీ అదే అద్దెకు దొరకదు. అందుకే షీట్ జాగ్రత్తగా చూశాను.

షీట్ భలే సింపుల్‌గా ఉంది. కోర్సు 40 గంటలు. ఫ్యాకల్టీకి గంటకు 1,500 చొప్పున 60,000. రికార్డింగ్ సామాను, ఎడిటింగ్ కలిపి 1,20,000. వీడియోలు పెట్టే ప్లాట్‌ఫామ్‌కి ఏడాదికి 40,000. మొత్తం 2,20,000. ఫీజు 4,999. అంటే 44 మంది చేరితే పెట్టుబడి వచ్చేసినట్టే. ఆపైన చేరినవాళ్లంతా లాభమే. ఏడాదికి 500 మంది అని రాసుకున్నారు.

ప్లాట్‌ఫామ్ లైన్‌తో నాకు పేచీ లేదు. సొంత యాప్ కట్టిద్దామా అని అడిగితే మాత్రం వద్దన్నాను. యాప్ కట్టే ఖర్చు ఒక్కసారిది. దాన్ని ప్రతి ఆండ్రాయిడ్ వెర్షన్‌కీ బతికించుకునే ఖర్చు ఆగదు. వీడియో టెలిగ్రామ్‌లోకి లీకవడం యాప్ ఉన్నా ఆగదు.

పేచీ ఫ్యాకల్టీ లైన్‌తో. 40 గంటల వీడియో అంటే 40 గంటల పని అనుకున్నారు. క్లాస్‌రూమ్‌లో అది నిజమే. పదేళ్లుగా అదే పాఠం చెబుతున్న మనిషి మార్కర్ పట్టుకుని లోపలికి వెళితే చాలు. మైక్ ముందు అలా కుదరదు. నమ్మకం కుదరక ఒక్క గంట పాఠం రికార్డ్ చేయించి టైమ్ రాసుకున్నాం. టాపిక్ హ్యాష్‌మ్యాప్. మా ఫ్యాకల్టీ అన్న పగలు రాయదుర్గంలో ఉద్యోగం చేస్తాడు కాబట్టి శనివారం ఆయన ఇంట్లోనే పెట్టుకున్నాం. స్లైడ్లు, కోడ్ సిద్ధం చేయడానికి 3 గంటలు. పక్కింటి కుక్కర్ విజిల్, తడబాట్లు, రీటేకులు కలిపి రికార్డింగ్ 2 గంటలు. ప్రాక్టీస్ ప్రశ్నలు, వాటి జవాబులు రాయడానికి ఇంకో గంట. గంట పాఠానికి 6 గంటలు, 40 గంటలకు 240. గంటకు 700 చొప్పున మాట్లాడుకున్నా 1,68,000 అవుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, ఆయనకి ఖాళీ ఉండేది శని, ఆదివారాలే. వారానికి 10 గంటలు ఇచ్చినా 24 వారాలు. అంటే ఆర్నెల్లు పైసా రాదు.

షీట్‌లో అసలు లేనిది ఇంకోటి ఉంది, పాఠం పాతబడటం. స్ప్రింగ్ బూట్ 3 నవంబర్ 2022లో వచ్చింది. దానికి కనీసం జావా 17 ఉండాలి. ప్యాకేజీ పేర్లు కూడా మారిపోయాయి.

```java
import javax.persistence.Entity;   // పాత వీడియోలో
import jakarta.persistence.Entity; // స్ప్రింగ్ బూట్ 3లో
```

పాత వీడియో చూసి టైప్ చేసిన పిల్లాడికి కొత్త ప్రాజెక్ట్‌లో ఎర్రర్ వస్తుంది. క్లాస్‌రూమ్ అయితే సార్ మర్నాడు "ఇది మారింది, రాసుకోండి" అంటే సరిపోయేది, ఖర్చు సున్నా. రికార్డింగ్‌లో ఆ ఒక్క మాట కోసం ఎన్నో వీడియోలు మళ్లీ తీయాలి. ఏడాదికి పావు వంతు, అంటే 10 గంటలు మళ్లీ తీయాల్సి వస్తుందనుకున్నాం. ఫ్యాకల్టీకి 4,200, ఎడిటింగ్‌కి 1,800 కలిపి వీడియో గంటకు 6,000 చొప్పున 60,000. దీంతో మొత్తం 3,88,000 అయింది.

ఇక ఆదాయం. పోస్టర్ మీద 4,999 ఉన్నా అమీర్‌పేటలో ఆ రేటుకి ఎవరు చేరారు చెప్పండి! ఎర్లీ బర్డ్, ముగ్గురు ఫ్రెండ్స్ కలిసొస్తే తగ్గింపు... సార్ పాత రసీదులు తీస్తే చేతికొచ్చేది సగటున 3,999 అని తేలింది. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది కాబట్టి మనది 3,389. పేమెంట్ గేట్‌వే 2 శాతం చొప్పున 80 తీస్తే 3,309. ఒక్క అడ్మిషన్ తేవడానికి యాడ్స్, టెలికాలర్ కలిపి 900. డౌట్లు తీర్చే మెంటర్‌కి తలకి 600. చివరికి మిగిలేది 1,809. ఇప్పుడు 3,88,000ని దీంతో భాగించండి. 44 కాదు, 215 మంది కావాలి.

సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా దగ్గర పది వేల వాట్సాప్ నంబర్లున్నాయి కదా తమ్ముడూ" అన్నారు. సరే, రికార్డింగ్ మొదలుపెట్టకముందే వాటికి మెసేజ్ పెట్టి ఆన్‌లైన్ డెమో పెడదామన్నాను. డెమోకి 120 మంది వచ్చారు. డబ్బు కట్టింది 11 మంది. నెల నెలా అంతమందే వస్తే ఏడాదికి 132. ఖర్చుకి లక్షన్నర తక్కువ పడుతుంది. చాట్‌లో "ఇంట్రెస్టెడ్ సార్" అన్నవాళ్లు బోలెడు మంది, కానీ యూపీఐ మెసేజ్ వస్తేనే అడ్మిషన్.

అప్పుడు కోర్సుని రెండు ముక్కలు చేశాం. కోర్ జావా, కలెక్షన్స్, ఎస్‌క్యూఎల్ జాయిన్లు ఏళ్లయినా పెద్దగా మారవు. అవి 14 గంటలు, రికార్డ్ చేస్తాం. స్ప్రింగ్ బూట్, సెక్యూరిటీ, డిప్లాయ్‌మెంట్ తరచూ మారతాయి. అవి 26 గంటలు, రెండు నెలలకో బ్యాచ్‌గా లైవ్‌లో చెబుతారు. మామూలు మైక్, లైట్లతో సరిపెడితే ముందు పెట్టుబడి 1,44,000కి దిగింది. రీటేకుల బడ్జెట్ దాదాపు పోయింది. ఖాళీ చేయాలనుకున్న ఫ్లోర్ ప్రస్తుతానికి అలాగే ఉంది.

ఇదేమీ బంగారు బాతు కాదు. లైవ్ 26 గంటలకు ఫ్యాకల్టీకి బ్యాచ్‌కి 39,000 ఇవ్వాలి. డిస్కౌంట్ లేకుండా 4,999కే అమ్మితే, లైవ్‌లోనే చాలా డౌట్లు తీరిపోతాయి కాబట్టి మెంటర్ ఖర్చు 300కి తగ్గి, తలకి 2,936 మిగులుతుంది. బ్యాచ్‌కి 22 మంది చొప్పున ఆరు బ్యాచ్‌లు నడిస్తే మొదటి ఏడాది చివర మిగిలేది దాదాపు పది వేలు. నాకు అనుమానం ఉన్నదల్లా ఆ డిస్కౌంట్ దగ్గరే. టెలికాలర్లు "సార్, వెయ్యి తగ్గిస్తే ఇప్పుడే కడతానంటున్నాడు" అని తలుపు తడతారు. ఆ వెయ్యి తగ్గిస్తే జీఎస్టీ, గేట్‌వే వాటా పోను మిగిలే దాంట్లో 827 పోతుంది.

అందుకని షీట్ పైన 500 ఉన్న గడిలో ఇప్పుడు 14 అని ఉంది. 39,000ని 2,936తో భాగిస్తే వచ్చేది అంతే. బ్యాచ్ మొదలయ్యే ముందు శుక్రవారం సాయంత్రానికి 14 మంది పూర్తి ఫీజు కట్టకపోతే ఆ బ్యాచ్ నడపరు. కట్టినవాళ్లు తర్వాతి బ్యాచ్‌కి మారొచ్చు, లేదా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఈ రూల్ మాత్రం సార్ తన చేత్తోనే రాశారు. మొదటి బ్యాచ్‌కి ఇప్పటికి 9 మంది కట్టారు.