నువ్వు ఇన్సానువేనా? సబూత్ చూపించు!

మా మామూజాన్‌కి కాలా మోతియా వచ్చి పదేళ్లవుతోంది. గ్లాకోమా అంటారు కదా, అదే. ముందు పక్కచూపు పోయింది, తర్వాత మెల్లగా ముందుచూపూ పోయింది. ముప్పై ఏళ్లు ఉర్దూ మీడియం పిల్లలకి హిసాబ్ చెప్పిన మనిషి. చూపు పోయిందని మూల కూర్చోలేదు. ఫోన్లో టాక్‌బ్యాక్ నేర్చుకున్నాడు. వేలితో స్క్రీన్ తడుముతుంటే ఫోను చదివి వినిపిస్తుంది. వాట్సాప్, అఖ్బార్, బ్యాంకు మెసేజ్‌లు, అన్నీ తనే చూసుకుంటాడు. చూసుకుంటాడనే అంటాడు కూడా. ఆ మాట మార్చమని ఎవరైనా అంటే గుస్సా అవుతాడు.

మొన్న ఒక సర్కారీ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. పేరు నింపాడు, నంబర్లు నింపాడు, పుట్టిన తేదీ నింపాడు. చివర్లో ఫోను "క్యాప్చా ఇమేజ్" అంది. ఇంకేమీ అనలేదు. మళ్లీ తడిమాడు. మళ్లీ "క్యాప్చా ఇమేజ్". దాని కిందే ఖాళీ గడి, "పైన కనిపిస్తున్న అక్షరాలు టైప్ చేయండి" అని. కనిపిస్తున్నవి ఎవరికి?

"బేటా, నేను మిషన్ని కాదని సబూత్ ఇవ్వమంటోంది. నా దగ్గర లేదు," అని నాకు ఫోన్ చేశాడు.

నేను అబీద్ సెంటర్ దగ్గర ఉన్నాను, వెళ్లడానికి గంట పట్టింది. ఈలోగా పేజీ టైమ్ అయిపోయి, నింపిందంతా పోయింది. అంతకుముందు సంవత్సరం ఇదే పనికి ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లాడట. అక్కడి కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పాడు, ఓటీపీ చెప్పాడు, ఆధార్ నంబరు చెప్పాడు. కుర్రాడు షరీఫే, ఏ దగా చేయలేదు. కానీ ఐదు అక్షరాలు చదవడానికి ఒక మనిషి తన తాళంచెవులన్నీ పరాయివాడి చేతిలో పెట్టాల్సి రావడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు. ఈ వ్యాసం అందుకే.

ఫోను ఆ బొమ్మని ఎందుకు చదవదు? మామూలుగా వెబ్ పేజీలో ప్రతి బొమ్మ వెనకా ఒక మాట రాసి పెట్టాలి. స్క్రీన్ రీడర్ ఆ మాటనే చదువుతుంది. క్యాప్చా బొమ్మ వెనక జవాబు రాస్తే మిషన్ కూడా చదివేస్తుంది, ఇక పరీక్షే ఉండదు. అంటే ఇది ఏదో ప్రోగ్రామర్ గల్తీ కాదు, ఆ పరీక్ష పుట్టుకలోనే ఉన్న లోపం. మిషన్‌కి చదవరానిది కావాలి అంటే, మిషన్ సాయంతో చదివేవాళ్లకీ రాదు. అందుకే వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ ఒక షరతు పెట్టింది: బొమ్మ క్యాప్చా పెడితే, మరో ఇంద్రియంతో తీర్చగల దారి కూడా పెట్టాలి. కంటికి కాకపోతే చెవికి. మా మామూ పోర్టల్లో ఆ రెండో దారి అసలు లేదు.

మరి చెవి దారి ఉన్నచోట? అదీ చెబుతాను. అదే వారం ఒక ప్రైవేటు సైట్లో "ఐ యామ్ నాట్ ఎ రోబోట్" గడి వచ్చింది. ఆడియో బటన్ ఉంది. మామూ ఖుషీ అయిపోయాడు. నొక్కగానే గొంతు వినిపించలేదు, ఈ మెసేజ్ వచ్చింది:

```
Try again later. Your computer or network may be
sending automated queries.
```

మీ నెట్‌వర్క్ నుంచి మిషన్లు అర్జీలు పంపుతున్నట్టుంది, తర్వాత రండి అని. మిషన్ కాదని చెప్పుకోవడానికి వచ్చిన మనిషితో, మీరు మిషన్‌లా ఉన్నారు కాబట్టి పరీక్ష కూడా పెట్టం అంది!

కసూర్ ఆ రోజు నాదే. మామూ ఫోను నా హాట్‌స్పాట్ మీద ఉంది. వాళ్లింట్లో సిగ్నల్ తక్కువని, నా ల్యాప్‌టాప్ నుంచి వైఫై ఇచ్చాను. అందులో ఆఫీసు పని కోసం వీపీఎన్ ఆన్‌లో ఉండిపోయింది. వీపీఎన్ ఏం చేస్తుందంటే, మన ఇంటి ఐపీ అడ్రసు దాచి, తన సర్వర్ అడ్రసు చూపిస్తుంది. ఆ ఒక్క అడ్రసు వెనక వేలమంది ఉంటారు. వాళ్లలో పదిమంది స్పామ్ పంపినా ఆ అడ్రసుకి బద్నామ్ అంటుకుంటుంది. క్యాప్చా నడిపేవాళ్లు ముందు చూసేది ఆ అడ్రసు చరిత్రనే. తర్వాత బ్రౌజర్లో పాత కుకీలున్నాయా, లాగిన్ అయి ఉన్నామా, పేజీలో ఎలా కదులుతున్నాం అనేవి చూసి షక్ పెంచుకుంటారు, లేదా తగ్గించుకుంటారు. షక్ తక్కువైతే ఒక టిక్కుతో పోనిస్తారు. ఎక్కువైతే బస్సులు, సిగ్నల్ లైట్లు, జీబ్రా గీతలు ఏరమంటారు. ఒకసారి కరెక్టుగా ఏరినా మళ్లీ ఇంకొకటి ఇస్తారు. అది మీ జవాబు తప్పని కాదు, మీ అడ్రసు మీద నమ్మకం లేదని. మరీ ఎక్కువైతే ఆడియో దర్వాజా మూసేస్తారు, ఎందుకంటే మాటలు రాసే సాఫ్ట్‌వేర్‌తో ఆడియోని తేలిగ్గా పగలగొట్టవచ్చని 2017లోనే మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు చేసి చూపించారు.

చూపున్నవాడికి వీపీఎన్ ఇంకో నాలుగు బొమ్మల తకలీఫ్, అంతే. చూపులేనివాడికి అదే వీపీఎన్ ఉన్న ఒక్క దారినీ మూసేస్తుంది. ఈ రెండు తకలీఫులూ వేరువేరని చాలామంది అనుకుంటారు. అవి కలిసేది ఇక్కడే.

వీపీఎన్ లేనివాళ్లు బేఫికర్‌గా ఉండకండి. మన మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుని ఎంతోమంది కస్టమర్లకి పంచుతాయి. ఎక్కడో ఎవడో చేసిన పనికి నర్సీపట్నంలో మీరు బస్సులు లెక్కపెట్టాల్సి రావచ్చు.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. వీపీఎన్ ఆపి చూడండి. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారి చూడండి. ప్రైవేట్ విండో మూసి మామూలు విండోలో తెరవండి. వీటితో పజిళ్లు తగ్గితే, షక్ అడ్రసు మీదా, కుకీల మీదా అన్నమాట. ఏ నెట్ మీదైనా అలాగే తిరస్కరిస్తుంటే, స్క్రిప్టులు ఆపే ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉందేమో చూడండి. నేను వీపీఎన్ ఆపాను. ఆడియో వచ్చింది. గరగరల మధ్య ఇంగ్లీషులో ఎవరో మాట్లాడుతున్నారు. మామూ మూడోసారికి పాసయ్యాడు. హిసాబ్ మాస్టారు కదా, "ఇమ్తిహాన్‌లో ఇంగ్లీషు కూడా ఉందని ముందే చెప్పాలి" అన్నాడు. ఇక చూపూ, వినికిడీ రెండూ లేనివాళ్ల సంగతేంటి? వాళ్లకి ఈ రెండు దర్వాజాల్లో ఏదీ లేదు.

దీనికి జవాబుగా ఒక మాట వినిపిస్తుంది. "క్యాప్చా తీసేస్తే బాట్‌లు వచ్చి పడతాయి, టికెట్లన్నీ ఏజెంట్లు ఎత్తుకుపోతారు." ఫిక్ర్ నిజమే. కానీ క్యాప్చా బాట్‌లని ఆపుతోందా? 2023లో యూజ్‌నిక్స్ సదస్సులో వచ్చిన ఒక అధ్యయనం, బాట్‌లు ఈ పజిళ్లని మనుషులకంటే వేగంగా, ఎక్కువ కరెక్టుగా తీరుస్తున్నాయని తేల్చింది. 2024లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు బస్సులు, లైట్లు ఏరే రీక్యాప్చాని నూటికి నూరుసార్లు దాటారు. మిషన్ కూడా అవసరం లేదు. డబ్బిస్తే మనుషులే కూర్చుని తీర్చిపెట్టే దుకాణాలున్నాయి. వెయ్యి పజిళ్లకి దాదాపు 1 డాలరని 2010 నాటికే పరిశోధకులు రాశారు. అంటే పైసలున్న దొంగ లోపలికి పోతాడు. మా మామూ బయట నిలబడతాడు.

ప్రత్యామ్నాయాలు లేవా అంటే, ఉన్నాయి, కానీ ఏదీ జాదూ కాదు. ఓటీపీతో లాగిన్ అయ్యే సర్కారీ పోర్టల్‌కి నా సలహా ఇదీ. ముందు, అందరికీ క్యాప్చా పెట్టకండి. ఒకే నంబరు నుంచి, ఒకే అకౌంటు నుంచి నిమిషానికి ఎన్ని ప్రయత్నాలో లెక్కపెట్టి, హద్దు దాటినవాళ్లనే ఆపండి. ఐపీ ఒక్కదాన్నే నమ్మితే పైన చెప్పిన మొబైల్ కస్టమర్లంతా మళ్లీ ఇరుక్కుంటారు. రెండోది, దొంగ గడి. మనుషులకి కనపడని ఒక గడి పేజీలో పెడితే మిషన్ ఆబగా దాన్నీ నింపుతుంది, పట్టుబడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ గడిని కంటికి మాత్రమే దాచితే స్క్రీన్ రీడర్ దాన్ని చదివేస్తుంది, అంధుడు నింపేసి దొంగ కింద దొరికిపోతాడు. స్క్రీన్ రీడర్‌కీ, ట్యాబ్ కీకీ కూడా అందకుండా దాచాలి. మూడోది, మనిషిని ఏమీ అడక్కుండా ఫోనుతోనే వెనకాల ఒక లెక్క చేయించడం. ఒకసారికి భారం కాదు, లక్షసార్లు చేయాల్సిన బాట్‌కి ఖర్చు. పాత ఫోన్లలో ఇది నెమ్మదిస్తుంది కాబట్టి లెక్క చిన్నదిగా ఉంచాలి. 2022లో వచ్చిన క్లౌడ్‌ఫ్లేర్ టర్న్‌స్టైల్ ఇలాంటి తనిఖీలే చేస్తుంది. అదీ అడ్రసుని చూస్తుంది, అదీ ఒక్కోసారి నిరాకరిస్తుంది. అందుకే చివర్లో ఒక మనిషి ఎత్తే ఫోన్ నంబరు ఉండి తీరాలి.

ఇది మెహర్బానీ కాదు, హక్కు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం, లాగిన్ కోసం వంకర అక్షరాలు చూసి టైప్ చేయడం ఒక్కటే దారిగా పెట్టకూడదంటుంది. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. అన్నిటికంటే పెద్దది 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన ఫైసలా. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు అకౌంటు తెరవబోతే, ప్రాణమున్న మనిషని తెలియడానికి కళ్లార్పమన్నారు. ఆమె ఆర్పలేరు. చూపులేని వకీలు అమర్ జైన్ కూడా వేరే పిటిషన్ వేశారు. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఆ రెండిటి మీదా కలిపి తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకునే హక్కు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమే అన్నారు. 20 ఆదేశాలిచ్చారు. కళ్లార్పడం కాకుండా వేరే దారులు పెట్టమన్నది అందులో ఒకటి. అది కేవైసీ గురించిన తీర్పే, కానీ కళ్లార్పు అన్నా, అక్షరాలు చదువు అన్నా సవాలు ఒకటే: నువ్వు ఇన్సానువేనా?

మామూ తరఫున ఆ పోర్టల్‌కి ఫిర్యాదు రాసి పంపాను. మీరూ ఎక్కడైనా ఆగిపోతే "సైట్ పనిచేయట్లేదు" అని రాయకండి, ఎవరూ పట్టించుకోరు. ఏ పేజీ, ఏ తేదీ, ఏ టైమ్, ఏ ఫోను, ఏ స్క్రీన్ రీడర్, ఆడియో బటన్ ఉందా లేదా, ఏ మెసేజ్ వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా రాయండి. వీపీఎన్ ఆపి కూడా చూశానని చేర్చండి. అప్పుడు మీ నెట్ మీదకి నెట్టే బహానా వాళ్లకి మిగలదు.

జవాబు ఇంకా రాలేదు. దరఖాస్తు మాత్రం వెళ్లింది. ఐదక్షరాలూ నేను చదివాను, మామూ టైప్ చేశాడు. సబ్మిట్ నొక్కాక నవ్వాడు. "బేటా, ఇప్పుడు ఇన్సానని తేలింది నువ్వే కదా, నేను కాదు!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.