నంబరు లేని ప్రకటన గోడ ఎక్కరాదు

గల్ఫ్ ఉద్యోగమని నమ్మి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాన్ని చూసి మన పెద్దలు కొందరు తరచుగా అనే మాట ఒకటుంది: "ఆశకు పోయారు, అనుభవిస్తున్నారు." ఈ మాటను మేము అంగీకరించము. అతడు కోరింది డ్రైవరు పని, నెల జీతం. అది దురాశ ఎట్లా అవుతుంది? ప్రకటనను ఎక్కడ సరిచూడాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ప్రకటనను మాత్రం మస్జిద్ గోడ మీదికీ, మొహల్లా వాట్సాప్ గ్రూపులోకీ ఎక్కనిచ్చారు. నిలదీయవలసింది ఎక్కనిచ్చినవారిని.

ఇటీవల ఒక యువకుడు మా వద్దకు తెచ్చిన కాగితాన్నే చూద్దాం. కువైట్‌లో డ్రైవర్లు కావలెను, వసతి, భోజనం ఉచితం, ఇంటర్వ్యూ లేదు. కింద ఒక ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు, సెల్ నంబరు. ఫోన్ చేస్తే, వైద్యపరీక్షకని 6,500 రూపాయలు, ఒరిజినల్ పాస్‌పోర్టు, ఆధార్ ప్రతి రెండు రోజుల్లో పంపమన్నారు. వీసా స్టాంపింగుకు 25,000 తరువాత ఇవ్వవచ్చునట.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. నమోదైనవారి జాబితా emigrate.gov.in లో ఎవరైనా చూడవచ్చును. చూశాము. ఆ లైసెన్సు నంబరు నిజమైనదే. సాధారణంగా అందరూ ఇక్కడే ఊపిరి పీల్చుకుని డబ్బు కట్టేస్తారు. మోసగాడికి కావలసిందీ అదే. జాబితాలో ఆ ఏజెన్సీకి ఎదురుగా ఉన్న ఫోన్ నంబరు వేరు, కాగితం మీది నంబరు వేరు. జాబితాలోని నంబరుకు ఫోన్ చేయగా, కువైట్ డ్రైవర్ల ఖాళీలేవీ తమ వద్ద లేవన్నారు. డబ్బు పంపమన్న ఖాతా కూడా ఏజెన్సీ పేరిట లేదు, ఎవరో వ్యక్తి పేరిట ఉంది. లైసెన్సు నంబరు ఒక ఏజెన్సీ ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఫోన్‌లో మాట్లాడుతున్నవాడు ఆ ఏజెన్సీవాడని చెప్పదు. కనుక ఫోన్ చేయవలసింది ప్రకటనలోని నంబరుకు కాదు, ప్రభుత్వ జాబితాలోని నంబరుకు.

ఇక రుసుము సంగతి. నమోదైన ఏజెంటు అభ్యర్థి నుండి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. లక్షలు గుంజే దళారులను చూసిన మనవాళ్లకు 6,500 తక్కువగానే తోస్తుంది. అందుకే మోసగాడు ఒకేసారి పెద్ద మొత్తం అడగడు. మెడికల్, స్టాంపింగ్, ప్రాసెసింగ్ అని ముక్కలు చేసి అడుగుతాడు. వైద్యపరీక్ష రుసుము పరీక్ష చేసే కేంద్రానికి చెందుతుంది. దానిని ఎవరి ఫోన్‌కో పంపవలసిన పని లేదు.

పదో తరగతి పాసైనవారికి మరొక ప్రమాదం ఉంది. చదువు తక్కువైనవారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వారు పనికని గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి; అక్కడ యజమాని వివరాలు, ఒప్పందం ఒకసారి ప్రభుత్వం కంటబడతాయి. పదో తరగతి పాసైనవారికి ఆ అనుమతి అవసరం లేదు, కనుక ఆ తనిఖీ కూడా లేదు. ఈసీఆర్ వారిని సైతం ఆ తనిఖీ తప్పించడానికే "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అంటారు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. ఆ మాట వినబడినచోటే సంభాషణ ముగించాలి.

పాస్‌పోర్టు విషయంలో మొహమాటం పనికిరాదు. చట్టరీత్యా అది భారత ప్రభుత్వ ఆస్తి. ఒకసారి దళారి బీరువాలో పడితే, దానిని విడిపించుకోవడానికే మళ్లీ డబ్బు కట్టవలసి వస్తుంది. పై విషయాలు తేలేదాకా ప్రతి కూడా ఇవ్వరాదు. ఇవ్వవలసి వస్తే దాని మీద అడ్డంగా ఎవరికి, దేనికి ఇస్తున్నదీ రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఓటీపీ మాత్రం ఏ ఉద్యోగానికీ అక్కరలేదు.

ప్రభుత్వం మీదా మాకు ఫిర్యాదుంది. నమోదు లేకుండా ఈ వ్యాపారం చేసినవాడికి ఆ చట్టంలోని 24వ సెక్షన్ రెండేళ్ల దాకా జైలు అంటుంది, జరిమానా మాత్రం 2,000 రూపాయలకు మించదు. మోసం కింద వేరే కేసు పెట్టవచ్చును, నిజమే. కానీ ఒక్క అభ్యర్థి వద్ద 6,500 గుంజేవాడికి 2,000 జరిమానా ఒక లెక్కా?

చట్టం మారేదాకా మస్జిద్ కమిటీలు చేయగల పని ఒకటుంది. లైసెన్సు నంబరు లేని ప్రకటనను గోడకు అంటించనివ్వరాదు. ఉన్నదానిని, జాబితాలోని నంబరుకు కమిటీవారే ఫోన్ చేసి, ఏజెన్సీ అవునన్న తరువాతే అంటించనివ్వాలి. పది నిమిషాల పని.

ఇప్పటికే డబ్బు పంపినవారు సిగ్గుతో రోజులు గడపవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి లావాదేవీ నంబరు చెప్పాలి. డబ్బు ఇంకా ఖాతాలో ఉంటే దానిని ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. పాస్‌పోర్టు చేజారి ఉంటే పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని ప్రతిని హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి కూడా ఇవ్వాలి.