నూటికి 78 పాళ్లు ఉచితమే

మే నెలలో పెళ్లికని హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాం. ముందు మా కారు, వెనక మా బావ కారు. రెండూ ఒకే మోడలు, టైర్ల సైజూ ఒకటే. తేడా ఒక్కటే. మా టైర్లలో ఉన్నది బంకులో ఊరికే కొట్టించుకున్న గాలి. బావ టైర్లలో ఉన్నది డబ్బిచ్చి పట్టించుకున్న నైట్రోజన్. ఆయన వాల్వులకు పచ్చ మూతలు కూడా ఉన్నాయి. "ఇంకా మామూలు గాలేనా నువ్వు!" అన్నప్పుడు ఆయన గొంతులో నా మీద నిజమైన జాలి ఉంటుంది.

తెల్లవారుజామున ఐదింటికి, కార్లు కదలకముందే, నా గేజీతో చూసి రెండు కార్ల టైర్లనూ 33 పాయింట్లకు సరిచేశాను. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉన్న అంకె అది. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు మళ్లీ పెట్టి చూశాను. నావి 38. బావవీ 38.

గాలి మిషను దగ్గరున్న కుర్రాడు నేను చేస్తున్నది చూసి వచ్చాడు. "సార్, 38 ఉంది. ఈ ఎండకి పేలిపోద్ది. ఉన్న గాలంతా తీసేసి నైట్రోజన్ పట్టిస్తా, టైరుకి యాభై. అది వేడికి పెరగదు" అన్నాడు.

"ఆ వెనక కారులో ఉన్నది నైట్రోజనే బాబూ. అదీ 38 చూపిస్తోంది" అన్నాను.

"అయితే మీ గేజీ పాడైంది సార్" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

గేజీ పాడవలేదు. మూసిన పాత్రలో వాయువు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ఎంత వేడికి ఎంత పెరగాలన్నది మామూలు గాలికీ, నైట్రోజన్‌కీ ఒకటే లెక్క. ఆ రోజు లెక్కే చూడండి. గేజీ చూపించేది బయటి వాతావరణం కన్నా టైరులో ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందో అంతే. బయటి ఒత్తిడి సుమారు 14.7. దాన్ని 33తో కలిపితే టైరులోని అసలు ఒత్తిడి 47.7. పొద్దున 28 డిగ్రీలున్న టైరు, రోడ్డు వేడికీ, తిరిగేటప్పుడు రబ్బరు నలిగి పుట్టే వేడికీ కలిపి 60 డిగ్రీలకు చేరితే ఆ 47.7 కాస్తా 52.8 అవుతుంది. అందులోంచి 14.7 తీసేయండి, 38.1. లెక్క గేజీతో సరిపోయింది.

స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పింది. ప్రయాణంలో నాలుగైదు పాయింట్లు పెరుగుతాయని తెలిసే కంపెనీ ఆ అంకె వేసింది. కాబట్టి దారిలో కనిపించే 38కి భయపడాల్సింది లేదు. భయపడాల్సింది ఆ కుర్రాడి వైద్యానికి. వేడి టైరును 33కి దించేస్తే ఏమవుతుందో అదే లెక్క తిరగేసి చూడండి. మర్నాడు పొద్దున టైరు చల్లారాక 28 చిల్లర చూపిస్తుంది. అంటే ఉండాల్సిన దాని కన్నా నాలుగున్నర పాయింట్లు తక్కువ. వేడి టైరులో ఉన్నదంతా తీసేసి నైట్రోజన్‌తో 33కి నింపినా దాదాపు అదే గతి.

"ఎండాకాలం కదా, నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టించు" అనే సలహా మన ఊళ్లలో పాతదే. అది సరిగ్గా తలకిందుల సలహా. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతాయి, ఎక్కువ నలుగుతాయి, ఎక్కువ వేడెక్కుతాయి. నలుగుడు ఎక్కువైతే రబ్బరు, లోపలి తీగల అల్లిక విడిపోతాయి. ఎండాకాలం హైవేల మీద టైర్లు పేలడంలో గాలి ఎక్కువైన టైర్ల కన్నా గాలి తక్కువై, పైన బరువూ వేగమూ తోడైన టైర్లనే ముందు అనుమానించాలి. ఈ వేడి రబ్బరు నలుగుడులో పుట్టేది. లోపలి వాయువును మార్చినంత మాత్రాన తగ్గదు.

మరి నైట్రోజన్ అమ్మేవాళ్లు చెప్పేదంతా అబద్ధమేనా? కాదు. రెండు నిజాలున్నాయి, రెండూ చిన్నవే.

మొదటిది తేమ. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, మిగతాది ఆర్గాన్ వగైరా. దానికి తోడు నీటి ఆవిరి ఉంటుంది. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు ఆ ఆవిరి ట్యాంకు అడుగున నీరై చేరుతుంది. రోజూ కింది కుళాయి తిప్పి ఆ నీళ్లు వదిలేయాలి. వదలకపోతే నీటి చుక్కలు గొట్టంలోంచి టైరులోకి వెళ్తాయి. టైరులో నీళ్లుంటే 30 డిగ్రీల దగ్గర వాటి ఆవిరి ఒత్తిడి అర పాయింటుకు కాస్త ఎక్కువ. 60 డిగ్రీలకు అది దాదాపు 3 పాయింట్లు. అంటే వేడికి మామూలుగా పెరిగే ఐదుకు తోడు మరో రెండు పాయింట్ల పైచిలుకు. "నైట్రోజన్ నిలకడగా ఉంటుంది" అన్న మాట పుట్టింది ఇక్కడే. ఆ గొప్ప పొడిదనానిది. నైట్రోజన్ మిషను నుంచి వచ్చేది పొడిగా వస్తుంది. మామూలు గాలి కూడా పొడిగా వస్తే ఈ తేడా ఉండదు. గాలి గొట్టం మొనను అరచేతి మీద ఒక్క క్షణం నొక్కి చూడండి. చెయ్యి తడిసిందంటే ఆ బంకులో కొట్టించుకోకండి. కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ పరీక్ష మరీ అవసరం.

రెండోది కారుడు. టైరు రబ్బరు గోడగుండా వాయువు కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది. నైట్రోజన్ కన్నా ఆక్సిజన్ మూడు నాలుగు రెట్లు తొందరగా జారుకుంటుంది. అందుకే నైట్రోజన్ నింపిన టైరు నెమ్మదిగా దిగుతుంది. ఎంత నెమ్మదిగా? అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2006లో దీన్ని పరీక్షకు పెట్టింది. 31 మోడళ్ల టైర్లు జతలుగా తెచ్చి, జతలో ఒకదానికి గాలి, ఒకదానికి నైట్రోజన్ 30 పాయింట్లకు నింపి, ఏడాదిపాటు ఆరుబయట ఉంచారు. ఏడాది తర్వాత చూస్తే గాలి నింపినవి సగటున 3.5 పాయింట్లు దిగాయి. నైట్రోజన్ నింపినవి 2.2 దిగాయి. తేడా 1.3. మన ఎండలకు రెండూ ఇంకాస్త త్వరగా దిగవచ్చు. అయినా తేడా నెలకు పాయింటులో చిన్న ముక్కే. పైగా ఇది బాగున్న టైరు సంగతి. మేకు దిగినా, వాల్వు అరిగినా, రిమ్ము అంచు వంగినా ఆ సందులోంచి పోయేటప్పుడు రెండిటి పరుగూ ఒకటే.

ఇక మన టైరులోకి వెళ్లేది ఎంత నైట్రోజన్? గాలి మొత్తం వదిలేసిన టైరులో కూడా బయట ఉన్నంత గాలి మిగిలే ఉంటుంది. దాని మీద వందకు వంద స్వచ్ఛమైన నైట్రోజన్‌తో 33కి నింపినా, లోపల ఆక్సిజన్ ఆరున్నర శాతం దాకా ఉంటుంది. దాన్ని తగ్గించాలంటే మరోసారి వదిలి, మరోసారి నింపాలి. వరసలో పది బండ్లున్నప్పుడు ఆ పని ఎవరూ చెయ్యరు. ఇంకా తమాషా టాపప్‌ది. 28కి దిగిన మామూలు గాలి టైరులో ఐదు పాయింట్లు నైట్రోజన్ కలిపించారనుకోండి. ఆక్సిజన్ 21 శాతం నుంచి 19కి దిగుతుంది. అంతే. ఆ టైరుకు పచ్చ మూత పెట్టి పంపిస్తారు.

"విమానాల్లో నైట్రోజనే వాడతారు కదా, వాళ్లు తెలివితక్కువ వాళ్లా?" అని టీ తాగుతూ బావ అడిగాడు. మంచి ప్రశ్న. 1986 మార్చి 31న మెక్సికో సిటీ నుంచి లేచిన ఒక బోయింగ్ 727లో బ్రేకు విపరీతంగా వేడెక్కి, ముడుచుకున్న చక్రం టైరు పేలి, మంటలు లేచి 167 మంది చనిపోయారు. ఆ టైరులో ఉన్నది మామూలు గాలి. అంత వేడికి రబ్బరు నుంచి మండే ఆవిర్లు వస్తాయి, లోపల ఆక్సిజన్ ఉంటే అవి అంటుకుంటాయి. అందుకే పెద్ద విమానాల బ్రేకు చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం మించకూడదని అమెరికా నియమం పెట్టింది. ఆ నియమం కాపాడేది నిప్పు నుంచి. సూర్యాపేట దగ్గర టీకి ఆగిన కారు టైరు 60 డిగ్రీల్లో ఉంది. ఆ ప్రమాదానికీ దీనికీ పోలికే లేదు.

డబ్బు లెక్క కూడా వేశాను, బావ చూస్తుండగానే, బిల్లు కాగితం వెనక. నాలుగు టైర్లకు మొదటిసారి యాభై చొప్పున 200. ఏడాదిలో నాలుగుసార్లు టాపప్, టైరుకు 20 చొప్పున 320. మొత్తం 520. పంక్చరు పడి మళ్లీ నింపించుకోవడం ఇందులో లేదు. వచ్చేది? టైరు గాలి ఒక్క పాయింటు తగ్గితే ఇంధనం ఖర్చు 0.2 శాతం పెరుగుతుందన్నది అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరుకు 15 చొప్పున 800 లీటర్లు. గాలికీ నైట్రోజన్‌కీ తేడా ఏడాది చివరికి 1.3, సగటున చూస్తే అందులో సగం. ఆదా అయ్యేది లీటరు పెట్రోలు. అదీ ఏడాది పొడుగునా టైరు మొహం చూడని వాడికి. నెలకోసారి గాలి సరిచూసుకునే వాడికి ఆ లీటరు కూడా మిగలదు, పోయేదే ఉండదు కనుక.

నైట్రోజన్‌తో నాకున్న అసలు పేచీ ఈ ఐదొందలతో కాదు. దాంతోపాటు అమ్మే ధీమాతో. "ఇంక ఆర్నెల్లు చూసుకోనక్కర్లేదు సార్" అంటారు. "మామూలు గాలి కలిపితే పాడైపోతుంది" అని కూడా అంటారు. దాంతో టైరు 26కి దిగినా నైట్రోజన్ బంకు దొరికేదాకా అలాగే నడిపేవాళ్లున్నారు. మా బావ వాళ్లలో ఒకడు. ఆ పొద్దున నేను గేజీ పెట్టినప్పుడు ఆయన వెనక టైరు ఒకటి 25 చూపించింది. వాల్వు కారుతోంది. పచ్చ మూత కింద ఆ సంగతి ఎన్నాళ్లుగా దాగి ఉందో! తక్కువున్న టైరులో మామూలు గాలి నిక్షేపంగా కొట్టించవచ్చు. రెండూ కలిస్తే ఏమీ కాదు. ఆ గాలిలో మొదటి నుంచీ నూటికి 78 పాళ్లు ఉన్నది నైట్రోజనే కదా.

కాబట్టి నా మాట ఇది. ఎక్కడైనా నైట్రోజన్ ఉచితంగా పోస్తే పోయించుకోండి, నష్టం లేదు. నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉండే బండి ఉంటే డబ్బిచ్చి పోయించుకున్నా తప్పు లేదు. మిగతా వాళ్లకు దండగ. చమురు సంస్థల నిబంధనల ప్రకారం బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలి, అడిగి కొట్టించుకోండి. నైట్రోజన్‌కు ఒక ఏడాది పెట్టే డబ్బుతో సొంత గేజీ ఒకటి కొనుక్కోండి. నెలకోసారి, దూర ప్రయాణానికి ముందొకసారి, పొద్దున్నే బండి కదలకముందు పెట్టి చూడండి. డిక్కీలో ఉన్న స్టెప్నీని మరిచిపోకండి. దారిలో పెరిగిన పాయింట్లను ఎవరినీ తీయనివ్వకండి.

బావ ఆ వాల్వు విజయవాడలో మార్పించాడు. పంక్చరు షాపువాడు తీసుకున్నది వంద రూపాయలు. గాలి మాత్రం ఊరికే కొట్టాడు.