చదవని రివ్యూను పట్టుకోవడం ఎలా?

మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి గత నెల ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు, కోపం రెండూ ఉన్నాయి. "సార్, నా పేపర్ రిజెక్ట్ చేశారు. రివ్యూ చదివితే మనిషి రాసినట్టు లేదు. ఏఐతో రాయించేశారు. పోస్టు పెట్టేస్తాను" అంది.

"ఆగమ్మా, పోస్టు రేపైనా పెట్టొచ్చు. ముందు ఆ రిపోర్టు, నీ పేపర్ తీసుకుని రా" అన్నాను.

పేపర్ జాషువా 'గబ్బిలం' మీద. పద్నాలుగు పేజీలు, తెలుగులో. సెమినార్ నిబంధన ప్రకారం ముందు ఒక ఇంగ్లిష్ అబ్‌స్ట్రాక్ట్. కాళిదాసు మేఘాన్ని రాయబారిగా పంపితే, 1941లో జాషువా గబ్బిలాన్నే ఎందుకు పంపాడు? గుడి గడప దాటనివ్వని మనిషి తన గోడు కాశీలో శివుడి చెవిన వేయాలంటే, గర్భగుడి కప్పుకు వేలాడే గబ్బిలం తప్ప మరో దారి లేదు. ఈ వాదనను ఆమె పేజీ తర్వాత పేజీగా కట్టుకుంటూ పోయింది.

రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంది, పదకొండు వాక్యాలు. భాష నున్నగా ఉంది. మెచ్చుకోలుతో మొదలై, సలహాలతో సాగి, తిరస్కారంతో ముగిసింది. ఇద్దరం కూర్చుని ఒక తెల్లకాగితం మీద గీత గీశాం. ఎడమవైపు రిపోర్టులోని ఒక్కో వాక్యం. కుడివైపు ఆ వాక్యం పేపర్‌లో ఏ పేజీ గురించి మాట్లాడుతోందో ఆ పేజీ నంబరు.

ఎనిమిది వాక్యాలకు కుడివైపు ఖాళీయే మిగిలింది. "సైద్ధాంతిక చట్రం ఇంకా బలపడాలి", "విశ్లేషణలో లోతు అవసరం" వంటివి. గురజాడ మీద పేపర్‌కైనా, గోదావరి చేపల మీద పేపర్‌కైనా ఇవి అతుకుతాయి. రెండు వాక్యాల్లో విషయం ఉంది గానీ, అదంతా అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్నదే. పదకొండోది అసలు దొంగను పట్టించింది. 'మేఘదూతం'తో పోలిక చేస్తే బాగుండేదట! ఆమె పేపర్‌లో నాలుగు నుంచి ఏడో పేజీ దాకా ఉన్నది ఆ పోలికే. అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం స్థలం చాలక ఆ మాట రాయలేదు.

ఇంకొక పని చేశాం. ఆమె పంపిన పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాం. తెలుగు అక్షరం ఒక్కటి రాలేదు. అన్నీ పిచ్చి గుర్తులు. డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లతో టైపు చేయించినవాళ్లకు ఈ బాధ తెలుసు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు చెత్త. కాబట్టి ఎవరైనా ఈ పేపర్‌ను కాపీ చేసి ఏఐ టూల్‌లో వేసి ఉంటే, దానికి దొరికేది ఇంగ్లిష్ అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే. రిపోర్టులో ఉన్నదీ సరిగ్గా అంతే.

"చూశారా సార్, దొరికిపోయారు" అంది.

ఇక్కడే మనం ఆగాలి మిత్రులారా. ఏం దొరికింది? పేపర్ చదవలేదని దొరికింది. ఏఐ రాసిందని రుజువు కాలేదు. అబ్‌స్ట్రాక్ట్ మాత్రం చూసి, బద్ధకంగా సొంత చేత్తో ఇలాంటి రిపోర్టులు రాసే పెద్దలు ఏఐ రాకముందూ ఉన్నారు. నా అనుమానం కూడా ఏఐ వైపే. కానీ అనుమానంతో ఫిర్యాదు రాస్తే ఒక్క ఖండనతో కొట్టేస్తారు. రుజువుతో రాస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఆమె దగ్గర ఇంకో ఆయుధం ఉంది. రిపోర్టులో 'కమెండబుల్', 'మెటిక్యులస్' అనే మాటలున్నాయి, అవి ఏఐ మాటలని ఎక్కడో చదివింది. అది గాలివార్త కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో నాలుగు ఏఐ సదస్సులకు వచ్చిన రివ్యూలను పరిశీలించారు. చాట్‌జీపీటీ వచ్చాక ఇలాంటి మాటలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ రివ్యూల మొత్తం పాఠంలో 6.5 నుంచి 16.9 శాతం దాకా, అక్షరదోషాలు దిద్దడాన్ని మించి, ఏఐ చేయి పడి ఉండొచ్చని అంచనా వేశారు. గడువు దగ్గరపడ్డాక వచ్చిన రివ్యూల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. కానీ అది వేల రివ్యూలను కలిపి కట్టిన లెక్క. ఊళ్లో జ్వరాలు పెరిగాయని చెప్పే లెక్కతో, ఫలానా మనిషికి జ్వరమని చెప్పలేం. 'మెటిక్యులస్' అనే మాట ఎప్పటినుంచో వాడే ప్రొఫెసర్లు ఉన్నారు.

"అయితే డిటెక్టర్‌లో వేద్దాం సార్" అంది. "సరే, ముందు నీ అబ్‌స్ట్రాక్ట్ వెయ్యి" అన్నాను. వేసింది. ఎక్కువ భాగం యంత్రం రాసిందని తేల్చింది. ఆ అబ్‌స్ట్రాక్ట్ ఆమె డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రాత్రులు రాసుకున్నది. ఆ చిత్తుప్రతులు నేను చూశాను.

ఆమె మొహం వాడిపోయింది. కానీ ఇది ఆమె ఒక్కదానికి జరిగింది కాదు. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో వేశారు. సగటున 61 శాతానికి పైగా వ్యాసాలను యంత్రం రాసినవేనని అవి తప్పుగా ముద్ర వేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు తప్పు చేయలేదు. కారణం సులువు. ఆ డిటెక్టర్లు చూసేది తర్వాతి మాటను ఎంత తేలిగ్గా ఊహించగలం అని. నేర్చుకున్న ఇంగ్లిష్‌లో మాటలు తక్కువ, వాక్యాలు జాగ్రత్తగా ఒకే అచ్చులో ఉంటాయి. కాబట్టి ఊహించడం తేలిక.

అంటే తెలుగు మీడియంలో, హాస్టల్లో చదువుకుని, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మన పిల్లలే ఆ వలలో ముందు పడతారు. "ఇంత ఇంగ్లిష్ నీకెలా వచ్చింది?" అని మనల్ని అడిగిన గొంతు ఇప్పుడు శాతాల్లో మాట్లాడుతోంది. ఆ కర్ర ఈ రోజు మనం రివ్యూయర్ మీదికి ఎత్తితే, రేపు అది మన వీపు మీదే పడుతుంది.

నిజానికి రెండో రివ్యూయర్ రిపోర్టు కూడా ఆమె దగ్గర ఉంది. ఇంగ్లిష్ తప్పులతో ఆరు వాక్యాలు. కానీ అందులో ఒక ప్రశ్న ఉంది. గబ్బిలానికి గర్భగుడిలో చోటుందని తొమ్మిదో పేజీలో అన్నావు, మరి పూజారి లేని వేళ చూసి చెప్పమని కవి ఎందుకు జాగ్రత్త చెబుతాడు, ఆ చోటు హక్కా, దొంగచాటా? ఆ ఒక్క ప్రశ్నతో ఆమె వాదన కదిలింది. అదీ చదివిన మనిషి గుర్తు. దానికి డిటెక్టర్ అక్కర్లేదు.

చివరికి నిర్వాహకులకు ఉత్తరం రాశాం. అందులో ఏఐ అనే మాట ఆరోపణగా ఎక్కడా లేదు. మొదటి రిపోర్టులో ఏ వాక్యమూ పేపర్ లోపలి పేజీలను తాకలేదని పట్టిక జత చేశాం. చేయలేదన్న పోలిక నాలుగు నుంచి ఏడో పేజీ దాకా ఉందని చూపాం. ఒకే ఒక్క ప్రశ్న అడిగాం: రివ్యూయర్లు పేపర్లను బయటి టూల్స్‌లో వేయడంపై మీ నియమం ఏమిటి? అచ్చుకాని పేపర్ రివ్యూయర్ చేతిలో నమ్మకంగా పెట్టిన సొత్తు. ఆ కారణంతోనే అమెరికాలోని ఎన్‌ఐహెచ్ 2023లో గ్రాంటు దరఖాస్తుల రివ్యూలో ఏఐ టూల్స్ వాడకాన్ని నిషేధించింది. మన సెమినార్ల బ్రోషర్లలో భోజనం టోకెన్ గురించి ఉంటుంది, దీని గురించి ఒక్క వాక్యం ఉండదు.

నియమం గురించి జవాబు రాలేదు. పేపర్‌ను మాత్రం మూడో వ్యక్తికి పంపారు. ఆయన కూడా మెచ్చుకోలేదు. పన్నెండో పేజీ ముగింపు తొందరపాటుగా ఉందన్నాడు. ఆమె ఇప్పుడు ఆ ముగింపు మళ్లీ రాస్తోంది. ఈసారి యూనికోడ్‌లో.

"తిట్టినా పర్వాలేదు సార్, చదివి తిట్టాడు" అంది.