ఉబ్బిన కిస్‌మిస్‌లూ... ఉద్దానం తాతయ్యా!

పిల్లలూ! ఓ ఇరవై కిస్‌మిస్‌లు కావాలి. అమ్మనడిగి తీసుకోండి. పదింటిని గ్లాసుడు మంచినీళ్లలోనూ, మిగతా పదింటిని చల్లారిన చిక్కటి పంచదార పాకంలోనూ వేసి రాత్రంతా వదిలేయండి. పాకం వేడిగా ఉంటే మాత్రం తొక్క చెడిపోయి ఆట మొత్తం తప్పుతుంది.

పొద్దున్నే చూస్తే నీళ్లలోవి బొద్దుగా ఉబ్బి ఉంటాయి. పాకంలోవి ముడతలతోనే ఉంటాయి. ఎందుకలా? కిస్‌మిస్ లోపల పంచదార చాలా ఎక్కువ. తొక్క నీటిని తేలిగ్గా రానిస్తుంది గానీ పంచదారను అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకే పలచగా ఉన్నచోటి నుంచి చిక్కగా ఉన్నచోటికి నీళ్లు చేరతాయి. ఇదే ద్రవాభిసరణ. పాకంలో బయటా చిక్కదనమే కాబట్టి నీళ్లు లోపలికి పోలేవు.

ఇప్పుడు మొదటి గ్లాసులోని నీళ్లు ఓ గుటక తాగి చూడండి. కాస్త తియ్యగా ఉన్నాయి కదూ! కిస్‌మిస్ తొక్క మరీ గట్టి కాపలాదారు కాదు మరి. ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి పంచదార కొంచెం కొంచెంగా వచ్చేసింది. దీన్ని విసరణ అంటారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది పిల్లలకు డయాలసిస్ అన్నమాట తెలుసు. కిడ్నీలు పాడైన తాతయ్యో మావయ్యో వారానికి రెండు మూడుసార్లు పలాసకో టెక్కలికో వెళ్లివస్తుంటారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. అక్కడి మిషన్‌లో జరిగేదీ ఈ విసరణే. అందులో వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాలు వేలల్లో ఉంటాయి. లోపల రక్తం, బయట ఓ ద్రవం పారుతుంటాయి. రక్తంలోని యూరియా అనే చెత్త చిన్నది, గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. రక్తకణాలు పెద్దవి, పోలేవు. గ్లాసులో అయితే తీపి లోపలా బయటా సమానమయ్యాక ఇక మారదు. ఇక్కడ ద్రవం ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంటుంది కనుక చెత్త పోతూనే ఉంటుంది. నిమిషానికి అర లీటరు చొప్పున 4 గంటలకు 120 లీటర్లు!

అంత కష్టం దేనికి, శుభ్రమైన నీళ్లే పోయొచ్చుగా అంటారా? ఉబ్బిన కిస్‌మిస్‌ని మళ్లీ చూడండి. ఉత్త నీళ్లయితే అవి గొట్టాల్లోకి చేరి రక్తాన్ని పలచన చేస్తాయి. అప్పుడు ఎర్ర రక్తకణాలూ అలాగే నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. వాటి పొర పలచన, పగిలిపోతాయి. అందుకే శుద్ధిచేసిన నీటిలో రక్తంలో ఉన్నంతగానే ఉప్పు కలుపుతారు. యూరియా మాత్రం కలపరు.

మరి తాతయ్య ఒంట్లో చేరిన నీళ్లో? వాటిని మిషనే ఒత్తిడితో లాగుతుంది. ఎంత లాగాలో తెలియడానికి ముందుగా ఆయన్ని తూకం మిషన్ ఎక్కిస్తారు. కిందటిసారి కన్నా రెండు కిలోలు పెరిగితే దాదాపు రెండు లీటర్ల నీళ్లు చేరాయన్నమాట. ఒక్కసారే మరీ ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది. ఇంట్లో తాతయ్య గ్లాసు కొలుచుకుని నీళ్లు తాగేది అందుకే.